పట్టేసిన గాజు బిరడాను సీసా పగలకుండా తీయడం ఎలా

కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఏడాదికోసారి తప్పకుండా ఎదురయ్యే తలనొప్పి ఇది. ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయని అలమర తెరిచి రీజెంట్ సీసాలు ఒక్కొక్కటీ బల్ల మీద పెడుతుంటే అందులో రెండో మూడో బిరడా కదలనంటాయి. చేతిలో గుడ్డ పెట్టి పళ్లు బిగించి తిప్పుతాం, రాదు. ఇంకాస్త బలం పెడితే బిరడా తల ఊడి చేతిలోకి వస్తుంది, మిగతాది సీసా గొంతులోనే ఉండిపోతుంది. ఆ ఊడిన అంచు అరచేతిలో దిగితే కుట్లు పడతాయి. లోపలున్నది సోడియం హైడ్రాక్సైడ్ అయితే కథ అక్కడితో ఆగదు.

అన్నిటికన్నా ఎక్కువగా పట్టేసేది కూడా ఆ సోడియం హైడ్రాక్సైడ్ సీసానే. అందుకే దాన్నే ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. మిగతా సీసాలకు ఏం మార్చుకోవాలో మధ్యలో చెబుతాను. ఒక్క సంగతి మాత్రం ముందే మనసులో పెట్టుకోండి. వేడి పెట్టేది బిరడాను ఊడబెరకడానికి కాదు, సందులోకి ద్రవం దిగడానికి దారి ఇవ్వడానికి. పట్టును కరిగించేది ఆ ద్రవం. మిగిలిన కాస్త పట్టును తట్టడం విడదీస్తుంది. చేతి బలం చివర్లో వస్తుంది, అదీ కొంచెమే. చాలామంది ఈ వరసను తలకిందులు చేస్తారు. సీసాలు పగిలేది అందుకే.

ముందు లేబుల్ చదవండి

బిరడా మీద చెయ్యి వేయకముందే సీసాలో ఏముందో తెలియాలి. కొన్ని సీసాల విషయంలో ఈ వ్యాసంలోని ఏ పద్ధతీ వాడకూడదు.

పిక్రిక్ ఆమ్లం సీసా పాతదైతే దాన్ని కదిలించవద్దు. పిక్రిక్ ఆమ్లాన్ని తడిగా ఉంచుతారు. అది ఎండి, బిరడాకూ గొంతుకూ మధ్య స్ఫటికాలు కట్టి ఉంటే తిప్పినప్పుడు పుట్టే రాపిడికే పేలవచ్చు. పాత ఈథర్ సీసా కూడా అంతే. గాలి తగిలి అందులో పెరాక్సైడ్లు తయారవుతాయి. మూత చుట్టూనో అడుగునో స్ఫటికాలు కనిపిస్తే అసలు ముట్టుకోకూడదు. టోలెన్స్ రీజెంట్‌ను ఎప్పటికప్పుడు చేసుకుని అప్పుడే పారబోయాలి. ఎవరైనా దాన్ని గాజు బిరడా సీసాలో పోసి దాచి ఉంటే అదీ పేలే సరుకే. పర్‌క్లోరిక్ ఆమ్లం, లేబుల్ ఊడిపోయిన సీసా ఏదైనా ఈ కోవలోకే వస్తాయి. వీటిని ఉన్నచోటే ఉంచి, పక్కన హెచ్చరిక కాగితం పెట్టి, ల్యాబ్ బాధ్యులకు చెప్పండి. పరీక్ష రేపే అయినా సరే, ఆ సీసాను తెరిచే పని మీది కాదు.

లైకర్ అమోనియా సీసా సంగతి వేరు. తెరవవచ్చు గానీ వేడి మాత్రం తగలకూడదు. ఎండాకాలంలో లోపల వాయువు ఒత్తిడి పెరిగి ఉంటుంది. ఆ స్థితిలో గొంతు వేడి చేస్తే బిరడా ఎగిరి, వెనకాలే ఘాటు మొహాన కొడుతుంది. సీసాను ఐసు నీళ్లలో అరగంట ఉంచి, ఫ్యూమ్ హుడ్ కింద పెట్టి, మెల్లగా తట్టి మాత్రమే తీయాలి. ఆల్కహాల్, అసిటోన్ లాంటి మండే ద్రవాలున్న సీసాల దగ్గర మంట గానీ హెయిర్ డ్రయ్యర్ గానీ వద్దు, వేడి నీళ్ల గుడ్డ ఒక్కటే వాడాలి.

ఎందుకు పట్టేసిందో తెలిస్తే సగం పని అయినట్టే

గాజు బిరడాకూ సీసా గొంతుకూ లోపల అరగదీసిన తెల్లటి గరుకు భాగం ఉంటుంది. రెండూ కిందికి పోయే కొద్దీ కాస్త సన్నబడేలా చేస్తారు, అందుకే బిరడా చక్కగా కూర్చుంటుంది. ఆ గరుకు గాజులో కంటికి కనబడని గుంటలు లెక్కలేనన్ని. సీసా వంచి పోసినప్పుడల్లా ద్రవం కొంత ఆ గుంటల్లో చిక్కుకుంటుంది.

ఆ ద్రవం సోడియం హైడ్రాక్సైడ్ అయితే రెండు పనులు జరుగుతాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సోడియం కార్బొనేట్‌గా మారి తెల్లగా గట్టిపడుతుంది. అంచు చుట్టూ కనిపించే సున్నం లాంటి పొడి అదే. ఇది నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి బెంగ లేదు. రెండోదే అసలు చిక్కు. క్షారం గాజులోని సిలికాను కూడా మెల్లగా తిని సోడియం సిలికేట్‌గా మారుస్తుంది. సోడియం సిలికేట్ అంటే అట్టపెట్టెలు అతికించడానికి వాడే జిగురే. అంటే బిరడాను గొంతుకు జిగురు పెట్టి అతికించినట్టే అయింది. కొత్తగా పట్టిన జిగురు గోరువెచ్చని నీళ్లకు వదులుతుంది. సంవత్సరాల తరబడి ఎండినది ఒక్కోసారి అసలే వదలదు.

ఫెహ్లింగ్స్ ద్రావణం బి, నెస్లర్స్ రీజెంట్ సీసాలు పట్టేయడానికి కారణం కూడా ఇదే, రెండింటిలోనూ గాఢ క్షారం ఉంటుంది. నెస్లర్స్‌లో పాదరసం కూడా ఉంది కనుక అది ఒలికితే నీళ్లతో కడిగి సింకులోకి వదిలేయడం కుదరదు. దాన్ని ట్రేలో పెట్టే తెరవండి.

ఇంకో కారణం రసాయనంతో సంబంధం లేనిది. ద్రావణం వేడిగా ఉండగానే పోసి, చల్లటి బిరడా పెట్టేస్తారు. సీసా చల్లారాక గొంతు కుంచించుకుని బిరడాను పిడికిట్లో పట్టినట్టు పట్టేస్తుంది. లోపలి గాలి కూడా కుంచించుకుని బిరడాను కిందికి లాగుతుంది. ఇలా పట్టేసిన సీసా అయితే వేడి ఒక్కదానితోనే వదులుతుంది, ద్రవం కూడా అక్కర్లేదు. సీసా అంచు శుభ్రంగా, పొడి ఏమీ లేకుండా ఉంటే ఈ కారణాన్నే ముందు అనుమానించండి.

సిద్ధం చేసుకోవలసినవి

కళ్లకు గాగుల్స్ తప్పనిసరి. మామూలు కళ్లజోడు సరిపోదు, పక్కల నుంచి చుక్క పడుతుంది. చేతులకు రబ్బరు గ్లవ్స్, వాటి మీద మందపాటి టర్కీ తువ్వాలు ముక్క. రబ్బరు గ్లవ్స్ క్షారాన్ని ఆపుతాయి గానీ గాజు ముక్కను ఆపలేవు, తువ్వాలు ఉన్నది అందుకు. సీసాను ప్లాస్టిక్ ట్రేలోనో వెడల్పాటి టబ్బులోనో పెట్టండి. పగిలితే ఒలికినదంతా అందులోనే ఉండాలి. కుళాయి నాలుగడుగుల దూరంలో ఉండాలి. చర్మం మీద పడితే వెంటనే పారే నీళ్ల కింద కనీసం 15 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టి 20 నిమిషాలు నీళ్లు పోస్తూ, ఆపకుండా డాక్టరు దగ్గరికి వెళ్లే ఏర్పాటు చూడాలి. క్షారం కదా అని కంట్లో ఆమ్లం చుక్క వేసే ప్రయత్నం ఎవరూ చేయకండి, వెనిగర్ అయినా సరే.

ఇవి కాక ఒక డ్రాపర్, పాత టూత్‌బ్రష్, దూది, రెండు వేళ్ల వెడల్పున్న నూలు గుడ్డ పట్టీ, ఒక బీకరు వేడి నీళ్లు, చిన్న చెక్క ముక్క చాలు. టెస్ట్‌ట్యూబ్ హోల్డర్ చెక్క పిడి అయినా పనికొస్తుంది. ఇనుప వస్తువు మాత్రం తట్టడానికి వద్దు.

ద్రవం దించడం

250 మిల్లీలీటర్ల సీసా, సగం దాకా 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్, బల్లపరుపు తల ఉన్న బిరడా, మార్చిలో మూసి మళ్లీ నవంబరులో తీశారు అనుకుందాం. అంచు చుట్టూ తెల్లటి పొడి కట్టి ఉంది.

ముందు ఆ పొడిని తడి టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగేయండి. పొడి ఉండగా నీళ్లు పోస్తే అవి పొడిలోనే ఇంకిపోతాయి, సందులోకి దిగవు. తర్వాత సీసాను వెలుతురుకు ఎదురుగా పెట్టి గొంతును పక్క నుంచి చూడండి. గరుకు భాగం పొడిగా ఉన్నచోట పాలలా తెల్లగా ఉంటుంది. ద్రవం దిగినచోట ఆ తెలుపు పోయి నీడలా పారదర్శకంగా కనిపిస్తుంది. ఈ తేడా కనిపెట్టడం నేర్చుకుంటే ఇక గుడ్డిగా ప్రయత్నించే పని ఉండదు, ద్రవం ఎంత లోతుకు చేరిందో కళ్ల ముందే తెలుస్తూ ఉంటుంది.

గోరువెచ్చటి నీళ్లలో ఒక్క చుక్క టీపాల్ కలపండి. లేదంటే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క. సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తుంది, సన్నటి సందులోకి నీరు తేలిగ్గా పాకుతుంది. డ్రాపర్‌తో బిరడా చుట్టూ అంచు మీద ఉన్న చిన్న పల్లంలో చుక్క చుక్కగా వేయండి. నీళ్లు నిలవకుండా జారిపోతుంటే దూదిని సన్నటి వత్తిలా చేసి, తడిపి, బిరడా చుట్టూ గుండ్రంగా పెట్టండి. దాని మీద పాలిథీన్ ముక్క కప్పి దారంతో కడితే రాత్రంతా ఆరదు. తొందర లేకపోతే ఈ పని సాయంత్రం చేసి ఇంటికి వెళ్లిపోవడం మేలు. చాలా సీసాలు మర్నాటికి సగం దారికి వచ్చేస్తాయి.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటి ఉంది. క్షారం పట్టేసింది కాబట్టి వెనిగరో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లమో వేస్తే కరుగుతుందని వేస్తారు. కార్బొనేట్ వరకు అది నిజమే. కానీ సోడియం సిలికేట్ మీద ఆమ్లం పడితే సిలికా జెల్ తయారవుతుంది. నీళ్లలో కరిగే జిగురును కరగని ముద్దగా మార్చి సందులో మనమే కూరినట్టవుతుంది. కార్బొనేట్ ఎలాగూ మామూలు నీళ్లకే కరుగుతుంది. కాబట్టి క్షారం సీసాలకు ఆమ్లం వేయకండి, నీళ్లే సరైన మందు.

వేరే సీసాలకు ద్రవం మారుతుంది. ఉప్పు ద్రావణాలకు, చక్కెర పాకం లాంటి వాటికి గోరువెచ్చటి నీళ్లే చాలు. సున్నపుతేట సీసాకు వెనిగర్ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ అడ్డుపడింది కాల్షియం కార్బొనేట్, అది నీళ్లలో కరగదు. వాజలీన్ రాసి అది ఎండి పట్టేసిన బిరడాకు రెండు చుక్కల కిరోసిన్ వేయవచ్చు, మంట దరిదాపుల్లో లేకుండా. బ్లీచింగ్ ద్రావణం సీసా మీద ఆమ్లం పడితే క్లోరిన్ వస్తుంది, సయనైడ్ సీసా మీద పడితే ప్రాణాంతకం. పొటాషియం పర్మాంగనేట్ సీసాకు గ్లిజరిన్ వేయవద్దు. ఆ రెండూ కలిస్తే దానంతట అదే మంట పుడుతుంది, ఆ ప్రయోగాన్ని సైన్స్ ఫెయిర్లలో మీరు చూసే ఉంటారు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా గొంతులో నీళ్లు వేస్తే లోపలికి జారిన చుక్కకే కుతకుతలాడుతుంది, కనుక దానికి తట్టడం, పొడి వేడి తప్ప ద్రవం వాడకండి.

వేడి: తక్కువ, కానీ త్వరగా

ఇంట్లో ఊరగాయ సీసా మూత రాకపోతే మూతను వేడి నీళ్లలో ముంచుతాం. అక్కడ మూత బయట ఉంది, సీసా లోపల ఉంది. ఇక్కడ సరిగ్గా తిరగేసి ఆలోచించాలి. బయట ఉన్నది సీసా గొంతు, లోపల ఉన్నది బిరడా. వ్యాకోచించవలసింది గొంతు ఒక్కటే. బిరడా తల మీద వేడి నీళ్లు పోస్తే అది ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది.

ఎంత వ్యాకోచిస్తుందో లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మామూలు సోడా గాజు గొంతు 20 మిల్లీమీటర్ల వ్యాసం అనుకుంటే, 30 డిగ్రీలు వేడెక్కినప్పుడు అది పెరిగేది సుమారు 0.005 మిల్లీమీటర్లు. వెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు. బోరోసిలికేట్ గాజు అయితే అందులో మూడో వంతే. అంత సన్నటి సందులోంచి బిరడా ఊడి పడుతుందని ఆశించడం అనవసరం. కానీ నీళ్లు దిగడానికి ఆ సందు చాలు.

అందువల్ల చేయవలసింది ఇది. ముందు అంచు చుట్టూ సబ్బు నీళ్ల చుక్కలు నిండుగా వేయండి. బిరడా తల మీద చల్లటి నీళ్లలో తడిపిన దూది పెట్టండి. ఐసు ముక్క వద్దు, సోడా గాజు అంత తేడాను తట్టుకోకపోవచ్చు. నూలు గుడ్డ పట్టీని 60, 70 డిగ్రీల నీళ్లలో ముంచి, పిండి, గొంతు చుట్టూ ఒకటి రెండు చుట్లు చుట్టండి. ఆ వేడి నీళ్లు చేతికి పెడితే ఉండలేనంతగా ఉంటాయి గానీ మరుగుతూ ఉండవు. 15, 20 సెకన్లు ఉంచి తీసేయండి. అంతకు మించి ఉంచితే వేడి గాజు గోడను దాటి బిరడాకు కూడా చేరుతుంది, రెండూ కలిసి ఉబ్బుతాయి, సందు మూసుకుపోతుంది. సీసాను గంటసేపు వేడి నీళ్ల తొట్టిలో నిలబెట్టడం వల్ల లాభం లేకపోవడానికి ఇదే కారణం.

గుడ్డ తీశాక ఏమీ చేయకుండా చల్లారనివ్వండి. గొంతు ఉబ్బినప్పుడు తెరుచుకున్న సందులోకి నీరు జారుతుంది. పక్క నుంచి చూస్తే తెల్లటి భాగం మీద తడి గీత కొద్దికొద్దిగా కిందికి దిగడం కనిపిస్తుంది. అంచులో చుక్కలు ఆరిపోతే మళ్లీ వేయండి. ఇలా నాలుగైదు సార్లు చేయాలి. ఒక్కోసారి తడి ఒకవైపే దిగి, మరోవైపు తెల్ల మచ్చ అలాగే ఉండిపోతుంది. అప్పుడు ఆ మచ్చ ఉన్నవైపే గుడ్డ పెట్టి, ఆ వైపే చుక్కలు ఎక్కువ వేయండి.

గుడ్డ బదులు హెయిర్ డ్రయ్యర్ వాడవచ్చు. అర అడుగు దూరం నుంచి సీసాను తిప్పుతూ గొంతుకు మాత్రమే గాలి తగలనివ్వాలి. దాని వేడి గుడ్డ అంత త్వరగా గాజుకు అందదు కనుక అర నిమిషం, నిమిషం పడుతుంది. పాతకాలం ల్యాబుల్లో పురికొసతో వేడి పుట్టించేవాళ్లు. గొంతు చుట్టూ ఒక చుట్టు చుట్టి, ఒకరు సీసాను బల్లకు అదిమి పడితే ఇంకొకరు రెండు కొసలూ పట్టుకుని ముందుకూ వెనక్కూ రంపం కోసినట్టు లాగుతారు. రాపిడికి గొంతు మాత్రమే వేడెక్కుతుంది, లోపలికి చేరేలోపే ఆపేయవచ్చు. పద్ధతి మంచిదే, కానీ ఇద్దరు ఓపికమంతులు కావాలి, సీసా జారకూడదు. లోపల క్షారం ఉండగా నేనైతే గుడ్డనే ఎంచుకుంటాను.

స్పిరిట్ ల్యాంపు మీద గొంతు తిప్పే పద్ధతి కూడా కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. బోరోసిలికేట్ సీసా అయి, లోపల మండేది ఏమీ లేక, చేయి తిరిగినవాళ్లు చేస్తే సరే. మన ల్యాబుల్లో ఉండే సీసాలు ఎక్కువగా సోడా గాజువి. అంచును పక్క నుంచి చూస్తే కాస్త పచ్చదనం కనిపిస్తుంది, అదే గుర్తు. వాటిని మంట మీద పెడితే టక్కుమని గుండ్రంగా చీలతాయి.

తట్టడం

తడి గీత బిరడా లోతులో మూడింట రెండు వంతులు దాటాక తట్టడం మొదలుపెట్టండి. అంతకు ముందు తట్టినా నష్టం లేదు గానీ ఫలితం ఉండదు.

ఎడమ చేత్తో సీసా గొంతును తువ్వాలుతో పట్టుకోండి. అదే చేతి బొటనవేలును బిరడా తలకు ఒక పక్కన ఆనించండి. రెండో పక్క నుంచి చెక్క పిడితో, కింది నుంచి కొంచెం పైకి వచ్చేలా, మెల్లగా తట్టండి. తలుపు మీద వేలితో తట్టేంత బలం చాలు. నాలుగు తట్లు వేశాక సీసాను తిప్పి రెండోవైపు నాలుగు. తట్టు ఎప్పుడూ తలకు తగలాలి, తలకూ గొంతుకూ మధ్య సన్నగా ఉండే మెడకు కాదు. బిరడాలు విరిగేది ఆ మెడ దగ్గరే. పై నుంచి కిందికి కొట్టడం అనే మాటే లేదు, అది బిరడాను ఇంకా లోపలికి దిగ్గొడుతుంది.

చెవి కూడా పని చేయాలి ఇక్కడ. బిరడా బిగిసి ఉన్నంత సేపూ సీసా అంతా ఒకే గాజు ముద్దలా ఒకే రకంగా మోగుతుంది. పట్టు విడుతున్నప్పుడు తట్టులో చిన్న 'టిక్' మనే రెండో చప్పుడు కలుస్తుంది, బిరడా గొంతుకు తగిలి వచ్చేది అది. ఆ చప్పుడు వినిపిస్తే తట్టడం ఆపేయండి. వినిపించకపోతే మళ్లీ చుక్కలు, మళ్లీ గుడ్డ, మళ్లీ తట్టడం.

తిప్పడం

పిల్లలతో చేయిస్తే తప్పకుండా ఒక సంభాషణ జరుగుతుంది.

"సార్, రావట్లేదు సార్."

"లాగుతున్నావు నాన్నా. లాగకు, తిప్పు."

బల్లపరుపు తల బిరడాను బొటనవేలూ చూపుడువేలూ మధ్య తువ్వాలుతో పట్టుకుని, నిటారుగా తిప్పాలి. ఒక పక్కకు వంచితే మెడ మీద బరువు పడుతుంది. మొదట సవ్య దిశలో కాస్త, తర్వాత అపసవ్య దిశలో కాస్త. మొహం సీసాకు సూటిగా పైన పెట్టకండి. చేతికి పట్టు చాలకపోతే చెక్క ముక్కలో బిరడా తల పట్టేంత గాడి కోసి తాళంచెవిలా వాడుకోవచ్చు. కానీ చెక్క తాళంతో ఎంత బలమైనా పెట్టవచ్చు, అదే దానితో వచ్చే ప్రమాదం. రెండు వేళ్ల బలం కన్నా ఎక్కువ అవసరమవుతోందంటే ద్రవం ఇంకా దిగలేదన్నమాట. వెనక్కి వెళ్లండి.

బిరడా వెంట్రుకవాసి కదిలిన క్షణంలో అందరికీ ఉత్సాహం వస్తుంది, వెంటనే పైకి లాగుతారు. లోపల ఇంకా ఇసుకలాంటి పలుకులు ఉంటాయి, అవి అడ్డుపడి బిరడా వంకరగా ఇరుక్కుంటుంది. కదిలిన వెంటనే ఆగి, అంచులో నాలుగు చుక్కలు వేసి, అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. తిప్పేటప్పుడు గరగర తగ్గి నున్నగా తిరగడం మొదలైతే అప్పుడు తిప్పుతూనే పైకి ఎత్తండి.

మన నవంబరు సీసా ఇలాగే సాయంత్రం తడిపి వదిలేస్తే మర్నాడు పొద్దున్న గుడ్డ, తట్టడం కలిపి అరగంటలో తెరుచుకోవాలి. మూడు రోజులు ఇదే వరసలో చేసినా గొంతులో ఒక బూడిదరంగు మచ్చ తడవకుండా, తెల్లబడకుండా అలాగే ఉందంటే అక్కడ గాజు గాజుతో కలిసిపోయిందని అనుకోవచ్చు. ఇక బలం పెట్టకండి. లోపల ఉన్న 10 శాతం క్షారం మళ్లీ చేసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ సీసా కూడా పెద్ద ఖరీదైనది కాదు. దాన్ని పగలగొట్టి ద్రావణం మిగుల్చుకునే ప్రయత్నం కూడా వద్దు. తువ్వాలులో చుట్టి, ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టి, పేరు రాసి రసాయన వ్యర్థాల్లో ఇచ్చేయండి. గొంతు మీద సన్నటి పగులు గీత కనిపించినా ఇదే చేయాలి. పగులు గీత వెలుతురులో తళుక్కుమంటుంది, తడి గీత మెరవదు. ఆ తేడా చూసి గుర్తుపట్టవచ్చు.

తెరిచాక

బిరడాను, గొంతు లోపలి అంచును కడిగేయండి. కడిగిన నీళ్లు సీసాలోకి పోకుండా తడి దూదితో తుడవడం మంచిది. గాఢత కచ్చితంగా ఉండాల్సిన ద్రావణం అయితే సబ్బు నీళ్లు కొన్ని లోపలికి దిగాయని గుర్తుపెట్టుకోండి. టైట్రేషన్‌కు వాడేముందు మళ్లీ ప్రామాణీకరించాలి, లేదా పారబోసి కొత్తది చేయాలి. సాల్ట్ అనాలిసిస్‌లో చుక్కలు వేసే పనికైతే ఫరవాలేదు.

తర్వాత ఆ గాజు బిరడాను మళ్లీ పెట్టకండి. క్షారం ద్రావణాలకు రబ్బరు కార్కు గానీ, పాలిథీన్ సీసా గానీ వాడాలి. ఇది అందరికీ తెలిసినదే, అయినా సెట్టులో గాజు సీసాలు వరసగా ఉంటే చూడ్డానికి బాగుంటుందని ఇదీ గాజులోనే పోసేస్తారు. తప్పనిసరిగా గాజు బిరడాతోనే ఉంచాల్సివస్తే ప్రాక్టికల్స్ అయిన రోజే ద్రావణం ఖాళీ చేసి, కడిగి ఆరబెట్టి, బిరడాకూ గొంతుకూ మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి మూయండి. ఉప్పు ద్రావణాల బిరడాలకు వాజలీన్ సన్నటి గీత రాయవచ్చు. నైట్రిక్ ఆమ్లం, పర్మాంగనేట్ లాంటి ఆక్సీకరణులకు వాజలీన్ వద్దు, గాఢ నైట్రిక్ ఆమ్లానికి రబ్బరు కార్కు కూడా వద్దు, వాటికి గాజు బిరడాయే సరి.

పాత సీసాలకు బిరడాను ఏ సీసాకా సీసా విడిగా అరగదీసి అమరుస్తారు. ఒకదానిది ఇంకోదానికి పెడితే ఒకచోట వదులుగా, ఒకచోట బిగుతుగా ఉంటుంది. ఆ బిగుతు దగ్గరే మళ్లీ పట్టేస్తుంది. కొన్నిటి మీద గొంతుకూ బిరడాకూ ఒకే అంకె చెక్కి ఉంటుంది, కడిగేటప్పుడు ఆ అంకెలు చూసి జత కలపండి. లేనివాటికి డైమండ్ పెన్సిల్‌తో మీరే ఒక అంకె గీయవచ్చు, బిరడా తల మీద ఒకటి, సీసా భుజం మీద ఒకటి.